తోడుచదువు

రెండవ తరగతి పిల్లవానిని లేపి పాఠ్యపుస్తకములోని కథను చదువుమన్నచో వాడు గడగడ చదువుట మనము పలుమాఱు చూచుచుందుము. తలిదండ్రులు సంతోషింతురు, ఉపాధ్యాయుడును తృప్తి నొందును. కాని ఆ పుటలోనే నడుమనున్న ఒక మాటపై వ్రేలుంచి “ఇదేమి?” అని అడిగినప్పుడు, ఆ పిల్లవాడు కథ మొదటినుండి మెల్లగా వల్లించుకొనుచు వచ్చి, ఆ మాట దగ్గఱ ఆగి, అప్పుడు చెప్పుట కలదు. కొందఱు అదియును చెప్పలేరు. అనగా వాడు కంటితో చదువుట లేదు. చెవితో విన్నదానిని నోటితో అప్పగించుచున్నాడు. తరగతియంతయు ఒక్క గొంతుతో పాఠము చెప్పుచున్నప్పుడు ఈ లోపము బయటపడదు. పిల్లవాని ప్రక్కన కూర్చుండి, వాని వ్రేలు ఎక్కడ నున్నదో చూచుచు వినినప్పుడే బయటపడును.

అట్లు ప్రక్కన కూర్చుండుటకు ఉపాధ్యాయునకు తీఱిక యెక్కడిది? 30 మంది పిల్లలున్న తరగతిలో ఒక్కొక్కనికి 5 నిమిషములు చొప్పున ఇచ్చినను 150 నిమిషములు పట్టును. ఇద్దఱు ఉపాధ్యాయులు ఐదు తరగతులను చూచుకొనవలసిన పల్లెటూరి బడిలో ఇది సాగెడి పని కాదు. ఈ చిక్కునకు ఒక ఉపాయము కలదు. ఐదవ తరగతి పిల్లలను రెండవ తరగతి పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కొక్కరుగా తోడు కూర్చుండబెట్టి చదివించుట ఆ ఉపాయము. దీనిని నేను తోడుచదువు అని పిలుచుచున్నాను. ఇందు పెద్దపిల్లవాడు చేయవలసినదేమి, చేయరానిదేమి, వాడు వ్రాసి యుంచవలసిన పత్ర మెట్టిది, ఆ పత్రమును చూచి ఉపాధ్యాయుడు తెలిసికొనవలసినదేమి అనునవియే నేటి ప్రసంగ విషయములు.

పెద్దవారిచేత చిన్నవారికి చెప్పించుట మన దేశమునకు క్రొత్త కాదు. వీథిబడులలో ఈ పద్ధతి పూర్వమునుండి యున్నదే. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు 1789 లో చెన్నపట్టణమున ఎగ్మూరులోని అనాథ బాలుర పాఠశాలకు అధికారి యయ్యెను. ఆయన ఒకనాడు దారిలో ఒక నాటుబడి పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుచుండుట చూచి, తన పాఠశాలలోను అట్లే చేయింపగోరెను. అక్కడి ఉపాధ్యాయులు సమ్మతింపకపోగా, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునికి అక్షరముల తరగతిని అప్పగించెను. ఆ బాలుడు దానిని నెగ్గించుకొని వచ్చెను. బెల్ ఈ వృత్తాంతమును 1797 లో లండనునందు ప్రకటింపగా, అది మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లండులో వ్యాపించెను. మఱి 1823 లో బళ్లారి కలెక్టరు కాంబెల్, నేటి అనంతపురము ప్రాంతము కూడ చేరియున్న తన జిల్లాలోని 533 బడులనుగూర్చి నివేదిక వ్రాయుచు, ముందున్న పిల్లలచేత వెనుకనున్న పిల్లలకు చెప్పించుటను మెచ్చుకొని, అందుచేత చెప్పెడివారి చదువును గట్టిపడునని గుర్తించెను.

అయితే ఆ పాత పద్ధతికిని నేను చెప్పబోవు దానికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. మద్రాసు పద్ధతిలో ఒక పెద్దపిల్లవాడు ఒక గుంపునకు ఉపాధ్యాయుడై పాఠము వల్లెవేయించెను. వల్లెవేయించుటవలన వచ్చెడి లోపమును మొదటనే చెప్పియుంటిని. తోడుచదువులో పెద్దవాడు ఉపాధ్యాయుడు కాడు. వాడు వినువాడు. ఇంగ్లండులో రోజర్ మోర్గన్ అను నాతడు 1970 దశాబ్దమున పిల్లలకును పెద్దలకును జతగా చదువు విధాన మొకటి ఏర్పఱచెను. ఇద్దఱును మొదట కలిసి చదువుదురు. చిన్నవానికి ధైర్యము కలిగినప్పుడు సైగ చేయును. వెంటనే పెద్దవారు ఊరకుందురు. తడబడి నిలిచిపోయినచో మాట నందించి మఱల కలిసి చదువుదురు. కీత్ టాపింగ్ మొదలగువారు 1980 దశాబ్దమునుండి దీనిని పాఠశాల పిల్లలలోనే ఒకరికొకరికి వర్తింపజేసిరి. తెలుగు లిపికిని మన బడులకును తగినట్లు దీనిని ఎట్లు నడుపవలెనో యిక చూతము.

మొదటి పని జతలు కూర్చుట. ఐదవ తరగతిలో 18 మందియు, రెండవ తరగతిలో 16 మందియు ఉన్నారనుకొందము. ఉపాధ్యాయుడు రెండు తరగతులవారిచేతను వేఱువేఱుగా కొంచెము కొంచెము చదివించి, ఎవరు ముందు, ఎవరు వెనుక అని రెండు వరుసలు వ్రాసికొనవలెను. పెద్దల వరుసలో మొదటివానికి చిన్నల వరుసలో మొదటివానిని, రెండవవానికి రెండవవానిని ఈ క్రమముగా జతచేయవలెను. మిక్కిలి బాగుగా చదువు పెద్దవానిని మిక్కిలి వెనుకబడిన చిన్నవానికి ఇయ్యవలెనని మనకు తోచును. కాని అట్లు చేసినచో ఆ పెద్దవానికి విసుగు పుట్టును. చిన్నవానికి బెదురు పుట్టును. అంతకంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. ఐదవ తరగతిలో చదువురాక తలవంచుకొని కూర్చుండు పిల్లవానికి చిట్టచివరి చిన్నవానిని ఇచ్చినచో, ఆ చిన్నవాని పుస్తకము వీనికి సుళువుగా నుండును. తన తరగతి పుస్తకమును ముట్టుటకు జంకువాడు ఈ పుస్తకమును నలుగురిలో సిగ్గుపడక చదువగలడు. తోడుచదువు వలన ఎక్కువ లాభము పొందెడివారిలో వీడొకడు.

అన్నదమ్ములను, ఇరుగుపొరుగున ఉండి పోట్లాడుకొను పిల్లలను జతచేయరాదు. మిగిలిన ఇద్దఱు పెద్దపిల్లలు పుస్తకములు పంచుటకును, ఎవరైన బడికి రానప్పుడు వారి స్థానమున కూర్చుండుటకును ఉపయోగపడుదురు. వారమువారమును ఈ పనికి వేఱొక యిద్దఱిని మార్చవలెను. లేనిచో అదే వారికి శిక్షయని తోచును. ఈ మార్పులో చిన్నవాని తోడు ఒక వారము మాత్రము మాఱును గాని జత చెడదు.

రెండవ పని కాలనిర్ణయము. వారమునకు మూడు దినములు, దినమునకు 20 నిమిషములు, 8 వారములు చాలును. అంతకు మించినచో పెద్దల చదువునకు భంగమని తలిదండ్రులు తలంతురు. అంతకు తగ్గినచో ఏమి జరిగినదో తెలియదు. కూర్చుండుట ఎదురెదురుగా కాదు, ప్రక్కప్రక్కన. పుస్తకము ఇద్దఱి నడుమ నుండవలెను. కాని దానిని పట్టుకొనువాడు చిన్నవాడే, మాటల క్రింద వ్రేలు నడపువాడును చిన్నవాడే. పెద్దవాని చేతిలో పుస్తకమున్నచో అది వాని పుస్తకమగును. జతకును జతకును రెండు బారల యెడమున్నచో ఒకరి గొంతు మఱొకరికి అడ్డురాదు. గది చాలనిచోట వసారాను, చెట్టునీడను వాడుకొనవచ్చును.

ఆ 20 నిమిషములను ఇట్లు పంచుకొనవచ్చును. మొదటి 3 నిమిషములు కథ పేరును, బొమ్మను చూచి మాటలాడుకొనుట. తరువాత 5 నిమిషములు పెద్దవాడు చదువగా చిన్నవాడు వ్రేలు నడుపుచు వినుట. ఆ తరువాత 8 నిమిషములు ఇద్దఱును కలిసి చదువుట మొదలుపెట్టి, చిన్నవాడు పెద్దవాని మోచేతిని తట్టగానే పెద్దవాడు ఊరకుండి వానిని ఒంటరిగా చదువనిచ్చుట. కడపటి 4 నిమిషములు కథనుగూర్చి రెండు మాటలు, పత్రము వ్రాయుట. పెద్దవాడు ఆ కథను ముందునాడే ఒకమాఱు చదివికొని రావలెను. ఇది విడువరాని నియమము.

మాటలాడుటకు ప్రశ్నలు కావలెను. వీనిని ఒక చిన్న అట్టముక్కపై వ్రాసి ప్రతి జతకును ఇయ్యవలెను. నేనీ ప్రసంగమును గ్రాంథిక భాషలో చేయుచున్నాను గాని, ఆ అట్టపై వ్రాయవలసినది పిల్లలాడుకొను భాషయే. “బొమ్మ చూస్తే ఈ కథలో ఏముంటుందనిపిస్తోంది?”, “ఇప్పుడేమవుతుందంటావు?”, “అట్లా ఎందుకు చేసిందంటావు?”, “నువ్వయితే ఏం చేసేవాడివి?”, “ఆ మాట ఎక్కడుందో చూపించు” అను ఈ ఐదు చాలును. ఒకనాటికి రెండు ప్రశ్నలు మించి అడుగరాదు. తెలంగాణపు పల్లెలో నైనచో “ఇప్పుడేమైతదంటవు?” అని వ్రాయుటయే యుక్తము. కడపటి ప్రశ్న మిక్కిలి విలువైనది. చిన్నవాడు తనకు తోచిన జవాబు చెప్పినప్పుడు, అది పుస్తకములో ఎక్కడ నున్నదో చూపుటకై వాని కన్ను మఱల అక్షరములమీదికి పోవును.

ఇక పెద్దవాడు తప్పును దిద్దు విధము. దీనిని నేర్పుటకు ఉపాధ్యాయుడు అరగంట చొప్పున రెండు దినములు కేటాయించి, తానే ఒక చిన్నవానితో కూర్చుండి చేసి చూపవలెను. నియమములు మూడు. చిన్నవాడు ఆగినప్పుడు పెద్దవాడు వ్రేళ్ళ కణుపులపై ఒకటి మొదలు ఐదు వఱకు లోలోపల లెక్కించి ఓర్చుకొనవలెను. అప్పటికిని రాకున్న మాటను సంపూర్ణముగా చెప్పవలెను. చిన్నవాడు దానిని మఱల పలికి ముందునకు సాగవలెను. “తప్పు” అను మాటగాని, నవ్వుగాని, గిల్లుటగాని ఉండరాదు. గుణింతము చెప్పించుటయు ఇక్కడ పనికిరాదు. “కకు కొమ్మిస్తే కు” అని మాటమాటకును ఆపినచో, వాక్యము చివఱకు చేరునప్పటికి మొదలు మఱచిపోవును. గుణింతమునకు చోటు ఉపాధ్యాయుని పాఠము, తోడుచదువు కాదు.

దీనినంతయు ఒక జతయందు చూతము. వారు చదువవలసిన పుటలో ఈ కథాభాగ మున్నదనుకొందము: “చెరువు గట్టున ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడింది. నీళ్ళలో చిన్న చేపలు ఆడుకుంటున్నాయి. కొంగ కదలలేదు. ఒక పిల్ల చేప దగ్గరకు వచ్చి ‘ఇది కొయ్యేమో’ అన్నది. కొంగ మాట్లాడలేదు, రెప్ప వేయలేదు. చేప ఇంకా కొంచెం దగ్గరకు జరిగింది.” ఇందు సరిగా 30 మాటలున్నవి. తెలుగు మాట పొడవైనది. విభక్తులును, క్రియారూపములును ఒకదానిలో ఒకటి చేరియుండును. కాబట్టి ఒక పుస్తకము తగునో తగదో చూచుటకు మనకు 30 మాటల భాగము చాలును. మూడు మాటలకు లోపుగాగాని, మూడింటికిగాని సాయము కావలసివచ్చినచో చిన్నవాడు ఒంటరిగా చదువవచ్చును. నాలుగు మొదలు ఆఱు వఱకైన ఇద్దఱును కలిసి చదువవలెను. ఆఱు దాటినచో ఆ పుస్తకమును ప్రక్కన పెట్టి సులభమైనదానిని తీసికొనవలెను.

మన చిన్నవాడు మొదటిదినమున “గట్టున” అనుదానిని “గటున” అని చదివెను. అది ఒత్తును చూడని పొరపాటు. వాని కన్ను పైయక్షరముతోనే ఆగి క్రిందనున్న టవత్తును విడిచినది. పెద్దవాడు వేచియుండి, “గట్టున” అని చెప్పి, క్రిందనున్న ఒత్తును వ్రేలితో చూపెను, అంతియే. “ఒంటికాలి” దగ్గఱ చిన్నవాడు ఆగిపోయెను; అది రెండు మాటలు కలిసిన మాట. “ఆడుకుంటున్నాయి” దగ్గఱ మఱల ఆగెను. దాని పొడవును చూచి బెదరెను. అట్టి దగ్గఱ పెద్దవాడు మాట వెనుకటి సగమును అట్టముక్కతో కప్పి, “ఆడు” వఱకు చదివించి, పిదప అట్టను జరుపవలెను. నాలుగవది “కొయ్యేమో”. చిన్నవాడు దానిని “కోయేమో” అని చదివెను. ఇందు రెండు పొరపాటు లున్నవి. హ్రస్వము దీర్ఘమైనది, యవత్తు పోయినది. పైగా “కొయ్య” “ఏమో” అను రెండు మాటలు సంధిలో కలిసినవి. విడివిడిగా వినినప్పుడు పిల్లవానికి తెలిసిన మాటలే. కలిసి కనబడినప్పుడు తెలియని మాట యైనది. పెద్దవాడు “కొయ్యేమో” అని చెప్పి, “అంటే కొయ్య, ఏమో” అని విడదీసి చెప్పెను. ఈ విధముగా సాయము కావలసిన మాటలు నాలుగు. కాబట్టి ఆనాటికి కలిసి చదువుటయే తగును.

ఇక్కడ ఒక హెచ్చరిక కావలెను. చిన్నవాడు “నిలబడింది” అనుటకు మాఱుగా తన యింటి పలుకుబడిలో “నిలవడ్డది” అన్నచో, అది చదువని గుర్తు కాదు. మాటను గుర్తించి అర్థము తెలిసికొన్న గుర్తు. వాక్యము ముగియనిచ్చి, “పుస్తకంలో ఎట్లా ఉందో చూద్దాం” అని ఒకమాఱు చూపిన చాలును. సాయము చేసిన మాటగా లెక్కింపరాదు. దీనికిని “గటున” అనుదానికిని గల తేడాను పెద్దపిల్లలకు ముందుగా చెప్పనిచో, వారు చిన్నవాని యాసను వెక్కిరించి వాని నోరు మూయింతురు.

ఇప్పుడు పత్రము. ఒక కాగితమును ఐదు నిలువు గడులుగా గీయవలెను. మొదటి గడిలో తేది. రెండవదానిలో కథ పేరును, పుటయును. మూడవదానిలో ఎట్లు చదివిరో తెలుపు ఒక యక్షరము. పెద్దవాడే చదివినచో “పె”, కలిసి చదివినచో “క”, చిన్నవాడు ఒంటరిగా చదివినచో “ఒ”. నాలుగవ గడిలో, ఒక 30 మాటల భాగములో అందించిన మాట కొక్కటి చొప్పున నిలువుగీత. ఆ భాగము ఎంతవఱకో ఉపాధ్యాయుడు ముందుగా పుటలో సన్నని గుర్తు పెట్టియుంచవలెను. ఐదవ గడి తోడుచదువునకు ప్రాణము వంటిది. చదువు ముగిసిన పిదప పెద్దవాడు ఆ పుటలోనుండి మూడు మాటలను వరుస తప్పించి, చివఱినుండి ఒకటి, నడుమనుండి ఒకటి, మొదటినుండి ఒకటి వ్రేలితో చూపవలెను. చిన్నవాడు మొదటినుండి వల్లింపక చెప్పినవెన్నియో ఆ సంఖ్యను వ్రాయవలెను. వల్లెవేసిన చదువును కనిపెట్టునది ఈ గడియే.

మన జత పత్రమును చూతము. కొంగకథను మొదటి వారమున మూడు దినములును చదివిరి. నాలుగవ గడిలో మొదటినాడు 4 గీతలు, రెండవనాడు 2, మూడవనాడు ఒక్కటియు లేదు. ఇది చూచి, పిల్లవానికి కథ వచ్చినదని చెప్పుదుమా? ఐదవ గడిని చూడవలెను. అందు వరుసగా 1, 1, 2 అని యున్నది. మూడవనాడు పెద్దవాడు “కొయ్యేమో”, “కదలలేదు”, “గట్టున” అనువానిని చూపగా, చిన్నవాడు చివఱి రెండింటిని చెప్పి, “కొయ్యేమో” అనుదానిని మొదటి యక్షరము చూచి “కొంగ” అని ఊహించెను. గీతలు పోయినవి గాని ఒక మాట యింకను చెవిలోనే యున్నది, కంటికి రాలేదు. రెండవ వారమున క్రొత్త కథ తీసికొనిరి. గీతలు 5, 4, 2; చెప్పిన మాటలు 1, 2, 3. ఈ రెండు గడులు ఒకటి తగ్గుచు ఒకటి పెరుగుచు ఎదురెదురుగా నడచినప్పుడే చదువు నిజముగా సాగుచున్నదని నమ్మవలెను. మూడవ వారమున మఱియొక క్రొత్త కథను మొదటినాడే 3 గీతలతో చదివినచో, వెనుకటి కథలో నేర్చిన ఒత్తులును గుణింతములును ఇక్కడ పనిచేయుచున్నవని తెలియును. చదివిన కథలో గీతలు తగ్గుటకంటె, చదువని కథలో మొదటినాటి గీతలు తగ్గుటయే విలువైన సాక్ష్యము.

మఱియొక పత్రమునందు గీతలు 1, 0, 0. మాటలు 0, 1, 0 అని యున్నదనుకొందము. ఇట్టి పత్రమును చూచి కొందఱు సంతోషింతురు. నిజమునకు శ్రద్ధగా చూడవలసినది ఇదియే. దీనికి కారణములు రెండు ఉండవచ్చును. చిన్నవాడు కథను ముందే కంఠస్థము చేసి వచ్చియుండవచ్చును. లేదా పెద్దవాడు ఐదు లెక్కింపక, ముందుముందుగానే మాట లందించుచు, వానిని గీతలుగా వ్రాయకపోవచ్చును. ఏది నిజమో తెలిసికొనుటకు ఉపాధ్యాయుడు ఆ జత వెనుక రెండు నిమిషములు నిలిచి వినవలెను. అప్పుడు చిన్నవాని కన్ను ఎక్కడ నున్నదో చూడవలెను. వాని వ్రేలు ఒక మాటపైనను, నోరు మఱొక మాటపైనను ఉన్నచో వాడు వల్లించుచున్నాడు. తరగతిలో చెప్పని కథ నీయవలెను. వాని చూపు పుస్తకమును విడిచి పెద్దవాని ముఖముమీద నున్నచో పెద్దవాడు అందించుచున్నాడు, లేదా అదలించుచున్నాడు. ఆ పెద్దవానికి మఱల చేసి చూపవలెను.

మూడవ పత్రమున గీతలు 8, 9, 8. ఇక్కడ పిల్లల దోషమేమియు లేదు, పుస్తకము బరువైనది. సులభమైన పుస్తకము నిచ్చినను ఆ గీతలు తగ్గకున్నచో, ఆ చిన్నవానికి అక్షరములే రాలేదో, లేక వానికి కన్ను సరిగా కనబడుటలేదో పరీక్షింపవలెను. పుస్తకమును ముక్కు దగ్గఱకు తెచ్చుకొనుట, పంక్తి మధ్య కనులు నులుముకొనుట, వ్రేలు పంక్తి తప్పి క్రింది పంక్తికి జాఱుట గమనించినచో కంటివైద్యునకు చూపవలెనని తలిదండ్రులకు చెప్పవలెను. మ, య, వ అను అక్షరముల తేడా తెలియని పిల్లవానికి తోడుచదువు సరిపోదు. వానికి మొదట అక్షరములు నేర్పవలసినవాడు ఉపాధ్యాయుడే. ఆ పనిని పదేండ్ల పిల్లవాని నెత్తిన పెట్టరాదు. అంతవఱకు ఆ చిన్నవాడు కథ వినుటకు మాత్రము జతలో కూర్చుండవచ్చును. పత్రములో “పె” అని వ్రాసికొనవచ్చును.

పత్రములను ఉపాధ్యాయుడు వారమున కొకమాఱు, పెద్దపిల్లలతో పది నిమిషములు కూర్చుండి, చూడవలెను. “మీవాడికి ఏ మాట దగ్గర ఎక్కువ ఆగుతోంది?” అని అడుగవలెను. ఒత్తుల దగ్గఱ అని ముగ్గురు నలుగురు చెప్పినచో, మఱునాడు రెండవ తరగతిలో ఒత్తుల పాఠమును మఱల చెప్పవలెనని ఉపాధ్యాయునకు తెలియును. ఈ పత్రములకు మార్కులు వేయరాదు. గోడపై అంటించి ఎవరి గీతలు తక్కువయని చూపరాదు. అట్లు చూపిన మఱునాటినుండి పెద్దపిల్లలు గీతలు గీయుట మానుదురు. పత్రము అబద్ధమాడ మొదలిడినచో, మనము ప్రక్కన కూర్చుండి వినుట కేర్పఱచిన చెవి మూసికొనిపోయినట్లే.

జత కుదరలేదని తోచినచో రెండు వారముల తరువాత ఒక్కమాఱు మార్చవచ్చును. మాటిమాటికి మార్చినచో పిల్లల నడుమ చనువు ఏర్పడదు. ఎనిమిది వారములు ముగిసిన పిదప, ప్రతి చిన్నవానికిని ఎన్నడును చూడని ఒక 30 మాటల భాగము నిచ్చి, ఈసారి ఉపాధ్యాయుడే ప్రక్కన కూర్చుండి గీతలు గీయవలెను. మూడు మాటలను వరుస తప్పించి చూపవలెను. ఆ సంఖ్యలను పత్రములోని మొదటినాటి సంఖ్యల ప్రక్కన పెట్టి చూచినచో ఎవనికి ఫలించినది, ఎవనికి మఱి ఎనిమిది వారములు కావలెను, ఎవనికి వేఱు పాఠము కావలెను అనునది ఊహతో పనిలేకుండ తెలియును. పెద్దపిల్లలలో వెనుకబడియున్న వానిచేతను తన తరగతి పుస్తకములో ఒక పుట చదివించి చూడవలెను. ఐదు లెక్కించి ఇతరుల కొఱకు ఓర్చుకొనుట నేర్చినవాడు, తానును మాటను సగములో విడువక చివఱివఱకు చూచి చదువుచున్నాడో లేదో ఆ పుటలో తెలియును.